వరద భయం ఎందుకు పోలేదు? ఒక విద్యార్థిని డైరీ పేజీకి సమాధానం

ప్రశ్న:

మాస్టారు గారికి నమస్కారం. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదో తరగతి చదువుతున్నాను. తెలుగు పరీక్షలో అపరిచిత గద్యం ఇచ్చి ప్రశ్నలు అడిగితే నాకు ఎప్పుడూ తక్కువ మార్కులే వచ్చేవి. అందుకని నెల రోజులుగా రోజుకొక గద్యం చదివి జవాబులు రాసుకుంటున్నాను. నెల పూర్తయిన రోజు డైరీలో ఇలా రాసుకున్నాను:

"ఈ రోజుతో నెల అయింది. మొదటి వారంలో అయిదు ప్రశ్నలకు రెండు సరిపోయేవి. ఇప్పుడు మూడు తప్పకుండా వస్తున్నాయి, చాలాసార్లు నాలుగు. మొదట్లో ముందు ప్రశ్న చదివి, అందులోని మాట గద్యంలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యం ఎత్తి రాసేదాన్ని. రెండో వారం నుంచి గద్యం చదవగానే పుస్తకం మూసేసి, ఏం చెప్పారో నా మాటల్లో రెండు మూడు వాక్యాలు రాసి, ఆ తరువాతే ప్రశ్నలు చూస్తున్నాను. మొదట రాయడానికి ఏమీ గుర్తుండేది కాదు. ఇప్పుడు వస్తోంది. క్రికెట్ గురించిన గద్యానికి అయిదూ సరిగ్గా రాశాను. ధవళేశ్వరం ఆనకట్ట గద్యంలో మాత్రం 'ఆనకట్ట కట్టాక కూడా వరద భయం ఎందుకు పోలేదు?' అంటే 'ఆనకట్ట బలంగా లేదు కాబట్టి' అని రాశాను. తప్పు. మళ్ళీ చదివితే బలం అన్న మాటే గద్యంలో ఎక్కడా లేదు. మరి నాకు ఎక్కడి నుంచి వచ్చింది? 'ఎందుకు' అని అడిగిన ప్రశ్నలే ఇంకా పోతున్నాయి."

మా అక్క ఇది చదివి, "నీకు అర్థం చేసుకోవడం రాలేదు, ప్రశ్నలు ఎలా అడుగుతారో అలవాటయింది, అంతే" అంటోంది. నాకు నిజంగా అవగాహన పెరిగిందా? ఇంకో నెల కూడా ఇలాగే చేయాలా? ఆనకట్ట గద్యం కూడా పంపుతున్నాను.

— పదో తరగతి విద్యార్థిని, అనంతపురం జిల్లా

సమాధానం:

అమ్మా, నీ అవగాహన నిజంగానే పెరిగింది. దానికి సాక్ష్యం నీ మార్కులు కావు. "బలం అన్న మాటే గద్యంలో ఎక్కడా లేదు, మరి నాకు ఎక్కడి నుంచి వచ్చింది" అని రాసుకున్నావు చూడు, ఆ వాక్యం. ప్రశ్నల తీరు మాత్రమే అలవాటైన పిల్లలు తప్పు వచ్చినచోట సరైన జవాబు ఎక్కించుకుని తరువాతి గద్యానికి వెళ్ళిపోతారు. తమ జవాబు ఎక్కడ పుట్టిందని వెతకరు. ఇక రెండో సందేహం. ఇంకో నెల ఇలాగే చేయవద్దు. ఈ పద్ధతి నీకు ఇవ్వగలిగినదాంట్లో ఎక్కువ భాగం ఇప్పటికే ఇచ్చేసింది. మిగిలింది వేరే దారిలో రావాలి. ఆ దారి ఏమిటో నీ ఆనకట్ట గద్యమే చూపిస్తుంది. మిగతా పాఠకుల కోసం దాన్ని ముందు ఇక్కడ ఇస్తున్నాను.

"పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో గోదావరి డెల్టా ప్రజలు రెండు విధాలా నష్టపోయారు. వానలు లేని ఏడాది పొలాలు ఎండేవి. వరద వచ్చిన ఏడాది అవే పొలాలు మునిగేవి. నదిలో నీరు పారుతున్నా దాని మట్టం పొలాల కంటే తక్కువగా ఉండడంతో అది సేద్యానికి అందేది కాదు. ఈ పరిస్థితిని చూసిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టాలని ప్రతిపాదించి, ప్రభుత్వాన్ని ఒప్పించి, 1847లో పని మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేశారు. దానితో డెల్టా కాలువలకు నీరు ఎక్కింది. కరువు భయం తగ్గినా వరద భయం మాత్రం పూర్తిగా పోలేదు."

నువ్వు మొదటి వారంలో చేసిన పని, అంటే ప్రశ్నలోని మాటను గద్యంలో వెతకడం, ఈ గద్యం మీద ఎంతవరకు పనిచేస్తుందో చూద్దాం. "ఆనకట్ట పని ఎప్పుడు మొదలైంది?" అని అడిగితే "మొదలుపెట్టి" అన్న మాట దొరుకుతుంది, పక్కనే 1847 ఉంటుంది. జవాబు సరిపోతుంది. "కాలువలకు నీరు ఎలా ఎక్కింది?" అని అడిగితే "దానితో డెల్టా కాలువలకు నీరు ఎక్కింది" అన్న వాక్యం దొరుకుతుంది. దాన్నే ఎత్తి రాస్తే జవాబు "దానితో" అవుతుంది. దేనితో? ఆ సంగతి ముందు వాక్యంలో ఉంది. వెతికే కన్ను ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ముందు వాక్యానికి వెళ్ళదు. అయిదింటికి రెండు రావడం, మిగతా మూడు పోవడం అన్న నీ మొదటి వారం లెక్క ఇలా వచ్చినదే అయి ఉంటుంది. పేరు, ఊరు, సంవత్సరం అడిగినవి వచ్చి ఉంటాయి. ఒక వాక్యాన్ని ఇంకో వాక్యంతో కలిపితే గానీ రానివి పోయి ఉంటాయి.

రెండో వారం నుంచి పుస్తకం మూసి నీ మాటల్లో రాయడం మొదలుపెట్టాక ఈ పద్ధతి తిరగబడింది. పుస్తకం మూసి ఉన్నప్పుడు "దానితో నీరు ఎక్కింది" అని రాయలేవు. "ఆనకట్ట కట్టడంతో నీరు ఎక్కింది" అనే రాయాలి. అంటే సర్వనామం ఎవరిని, దేన్ని చెబుతోందో చదివేటప్పుడే తేల్చుకోక తప్పదు. ఇదే గద్యంలో "అది సేద్యానికి అందేది కాదు" అన్నచోట "అది" నది కాదు, మట్టమూ కాదు, నీరు. చదువుతున్నంతసేపూ ఇలాంటి చిన్న నిర్ణయాలు చేస్తూ పోవాలి. ఒక్కటి తప్పినా తరువాతి వాక్యం వేరే అర్థంలోకి వెళ్ళిపోతుంది.

తెలుగు గద్యంలో ఇంకో చిక్కు ఉంది. కాటన్ గురించిన పొడుగు వాక్యం చూడు. చూసిన, ప్రతిపాదించి, ఒప్పించి, మొదలుపెట్టి, చివరికి పూర్తిచేశారు. ఇన్ని పనులూ చేసినది ఒక్కరే, పేరు మాత్రం ఒకేసారి వచ్చింది. అసలు క్రియ వాక్యం చివర ఉంది. అక్కడికి చేరేలోపు కర్తను మరిచిపోతే "ప్రభుత్వం పని మొదలుపెట్టింది" అని రాసేస్తారు, ఎందుకంటే "మొదలుపెట్టి" అన్న మాటకు దగ్గరగా కనిపించిన పేరు ప్రభుత్వమే. మా తరగతుల్లో ఈ తప్పు ఏటా కనిపించేది. దీనికి మందు మీ వ్యాకరణంలోనే ఉంది. సంక్లిష్ట వాక్యాన్ని సామాన్య వాక్యాలుగా విడదీయడం మార్కుల కోసం నేర్చుకున్నారు కదా, దాన్ని ఇక్కడ వాడాలి. కాటన్ పరిస్థితిని చూశారు. కాటన్ ఆనకట్ట కట్టాలని ప్రతిపాదించారు. కాటన్ ప్రభుత్వాన్ని ఒప్పించారు. కాటన్ పని మొదలుపెట్టారు. కాటన్ పూర్తిచేశారు. అయితే "వానలు పడి చెరువులు నిండాయి" వంటి వాక్యంలో పడినది ఒకటి, నిండినది ఇంకొకటి. అందువల్ల ఒకే కర్త అని గుడ్డిగా అనుకోకుండా ప్రతి క్రియ దగ్గరా "ఎవరు?" అని అడుగుకోవాలి. నువ్వు రాసే రెండు మూడు వాక్యాలలో ఈ ప్రశ్నకు జవాబు దానంతట అదే వచ్చేస్తోంది. నీకు మూడు, నాలుగు సరిపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు పోయిన ప్రశ్న దగ్గరికి వద్దాం. "బలంగా లేదు" అన్నది నీకు ఎక్కడి నుంచి వచ్చిందో నేను ఊహించగలను. నీది అనంతపురం జిల్లా. అక్కడ కట్ట అంటే చెరువు కట్ట. వాననీటిని ఆపి నిల్వ చేయడం దాని పని. పెద్ద వాన వచ్చి నీరు మీదికొచ్చినప్పుడు కట్ట బలంగా లేకపోతే గండి పడి, దిగువ ఊరు మునుగుతుంది. కాబట్టి "కట్ట ఉంది, అయినా వరద భయం ఉంది" అని చదవగానే నీ మనసు ఆ రెండింటి మధ్య ఖాళీని తనకు తెలిసిన కథతో నింపింది. ఇది చదవడంలో లోపం కాదు. ఏ రచయితా అన్నీ విప్పి చెప్పడు. పాఠకుడు కొంత నింపుకుంటాడన్న నమ్మకంతోనే రాస్తాడు. నీ మనసు చేయవలసిన పనే చేసింది. దానికి అందుబాటులో ఉన్న సరుకు మాత్రం ఈ గద్యానికి సంబంధించినది కాదు.

ధవళేశ్వరం ఆనకట్ట చెరువు కట్ట వంటిది కాదు. అది నదికి అడ్డంగా కట్టిన, ఎత్తు తక్కువైన గోడ. నీటిని ఏడాది పొడవునా దాచిపెట్టడం దాని ఉద్దేశం కాదు. నది మట్టాన్ని కాలువ తూముల ఎత్తుకు లేపడమే దాని పని. మట్టం లేచిన నీరు తూముల గుండా కాలువల్లోకి వెళ్ళి పొలాలకు పారుతుంది. అంతకంటే ఎక్కువ వచ్చిన నీరు గోడ మీదుగా పొర్లి సముద్రం వైపు పోతుంది. ఆ పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడు తలుపులున్న బ్యారేజీ ఉంది, కాటన్ పేరుతోనే. వరద వస్తే ఆ తలుపులు ఎత్తి నీటిని వదిలేస్తారు. అంటే అప్పుడైనా ఇప్పుడైనా వరదను పట్టి ఉంచే కట్టడం కాదు అది. వరద నీరు పొలాల మీదికి రాకుండా అడ్డుకునేవి నది పొడవునా పోసిన ఏటిగట్లు. 1986 ఆగస్టులో గోదావరికి మహా వరద వచ్చినప్పుడు ఆ గట్లు తెగి ఊళ్ళు మునిగాయి. కాటన్ ఆనకట్ట కట్టి అప్పటికి నూరేళ్ళు దాటింది.

ఇది తెలిసినవారు గద్యంలోని చివరి వాక్యం చదివినప్పుడు అసలు ఖాళీయే కనిపించదు. ఆనకట్ట నీటిని లేపుతుంది కాబట్టి కరువు తగ్గింది, ఆపదు కాబట్టి వరద తగ్గలేదు. ఇంత సులువు. తెలియని నీకు అదే వాక్యం చిక్కుముడి అయింది. మీ ఇద్దరిలో చదివే నేర్పు ఎవరికి ఎక్కువ అన్న లెక్కతో దీనికి సంబంధం లేదు.

క్రికెట్ గద్యానికి అయిదూ ఎందుకు వచ్చాయో ఇప్పుడు నీకే తెలుస్తుంది. "చివరి ఓవర్లో పన్నెండు పరుగులు కావలసి ఉండగా కెప్టెన్ ఫీల్డర్లను బౌండరీ దగ్గరికి పంపాడు" అని ఉంటే, ఎందుకు పంపాడని ఎవరూ నీకు చెప్పనక్కరలేదు. అమెరికాలో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు 1988లో సరిగ్గా ఈ సంగతినే పరీక్షించారు. బడి పిల్లలకు బేస్‌బాల్ ఆటలో ఒక భాగాన్ని వర్ణించే గద్యం ఇచ్చారు. చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో ముందున్నా ఆట తెలియని పిల్లల కంటే మెరుగ్గా ఆ గద్యాన్ని తిరిగి చెప్పగలిగారు. నీ డైరీలో క్రికెట్, ఆనకట్ట ఒకే పేజీలో పక్కపక్కన రావడం చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పరిశోధనే. నువ్వు నీ మీదే ఆ ప్రయోగం చేసుకున్నావు.

ఇంకో నెల ఇదే పద్ధతి వద్దని నేను అన్నది ఇందుకే. గద్యాన్ని తన మాటల్లో చెప్పడం, తనే ప్రశ్న వేసుకోవడం, అర్థంకానిచోట ఆగి తేల్చుకోవడం, తరువాత ఏమి వస్తుందో ఊహించడం అన్న నాలుగు పనులను పిల్లలకు నేర్పే పద్ధతిని పాలిన్‌క్సార్, బ్రౌన్ అన్నవారు 1984లో ప్రచురించారు. ఆ తరువాత చాలామంది దాన్ని తరగతుల్లో వాడి చూశారు. ఆ ఫలితాలన్నిటినీ రోజెన్‌షైన్, మీస్టర్ 1994లో కలిపి పరిశీలించారు. పద్ధతి పనిచేస్తుందని తేలింది. పరిశోధకులు తయారుచేసుకున్న పరీక్షల్లో పిల్లలు బాగా మెరుగుపడ్డారు, అందరికీ పెట్టే సాధారణ పరీక్షల్లో మెరుగుదల అంతకంటే తక్కువగా ఉంది. నీకు పనికివచ్చే సంగతి మరొకటి ఉంది. ఎక్కువ రోజులు నేర్పినచోట ఎక్కువ లాభం వచ్చిందని కనిపించలేదు. ఇలాంటి అలవాటు త్వరగా పట్టుబడుతుంది. పట్టుబడ్డాక అదే పని రెట్టింపు రోజులు చేసినా రెట్టింపు ఫలితం రాదు. నీకు మొదటి రెండు మూడు వారాల్లో వచ్చిన ఎదుగుదల నాలుగో వారంలో ఆగినట్టు అనిపించి ఉంటే కంగారు పడవద్దు. అది ఆగవలసిన చోటే ఆగింది.

మీ అక్క మాటను కొట్టిపారేయవద్దు. ఆమె సందేహం న్యాయమైనదే. అయిదు ప్రశ్నల గద్యంలో ఒక్క ప్రశ్న అటూ ఇటూ అయితే మార్కు చాలా మారిపోతుంది. మూడో వారంలో సులువైన గద్యాలు వరసగా వచ్చి ఉంటే ఎదుగుదల లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి మార్కులతో కాకుండా వేరే విధంగా చూసుకోవాలి. ఆ పరీక్ష మీ అక్కనే పెట్టమను. ఆమె ఒక గద్యం తీసుకుని, తన చేత్తో కాగితం మీద ఎత్తి రాసి, అందులో ఒక్క మాట మార్చాలి. ఉదాహరణకు ఈ గద్యంలోనే "దాని మట్టం పొలాల కంటే ఎక్కువగా ఉండడంతో అది సేద్యానికి అందేది కాదు" అని. మార్చినట్టు నీకు చెప్పకూడదు. ప్రశ్నలూ ఇవ్వకూడదు. చదివి చెప్పమనాలి, అంతే. నువ్వు "ఎక్కువగా" దగ్గర ఆగి, మట్టం ఎక్కువైతే నీరు అందాలి కదా అని అడిగితే, నీకు వచ్చింది అవగాహన. గబగబా చదివేసి గద్యం సారాంశం అప్పజెప్పేస్తే మీ అక్క చెప్పినది నిజం. ఈ గద్యం నీకు తెలిసిపోయింది కాబట్టి ఆమె కొత్తది ఎంచుకోవాలి. రోజుకొకటి చొప్పున కొన్ని పెట్టాలి, వాటిలో ఒకటి రెండింటిలో ఏ మార్పూ లేకుండా ఉంచాలి. లేకపోతే నువ్వు తప్పు కోసం వెతుకుతూ చదువుతావు, మామూలుగా చదవవు.

ఇది నేను కనిపెట్టినది కాదు. ఎలెన్ మార్క్‌మన్ 1979లో చిన్న తరగతుల పిల్లలతో ఇలాంటి పరీక్షే చేశారు. సముద్రం అడుగున వెలుతురు ఏమీ ఉండదని ఒక వాక్యం. అక్కడి చేపలు తమ ఆహారాన్ని రంగును బట్టి గుర్తుపడతాయని ఇంకో వాక్యం. చాలామంది పిల్లలకు ఆ రెండూ పొసగవని తోచలేదు. ప్రతి వాక్యం విడిగా అర్థమైంది. రెండింటినీ ఎదురెదురుగా పెట్టి చూడడం జరగలేదు. ప్రశ్నల తీరు ఎంత అలవాటైనా ఈ పరీక్షలో అది ఉపయోగపడదు. అందుకే దీన్ని చెప్పాను.

ఇక ముందు ఏమి చేయాలి? అపరిచిత గద్యాలు వారానికి రెండు చాలు, చేతికి అలవాటు తప్పకుండా ఉండడానికి. మిగతా రోజుల్లో, గద్యానికి ఇచ్చే ఆ సమయాన్నే, ఒకే విషయం గురించి చదవడానికి పెట్టు. రెండు వారాలు ఒకే విషయం. రోజుకొక కొత్త విషయం తీసుకుంటే ప్రతిరోజూ కొత్త మాటలతో మొదలుపెట్టాలి. నిన్న తెలుసుకున్నది ఈ రోజు పనికిరాదు. ఒకే విషయం మీద నిలబడితే మొదటి రోజు కష్టమైన మాట నాలుగో రోజుకు తెలిసిన మాట అవుతుంది. అది తెలిసిపోయినందువల్ల ఇంకా కష్టమైనది చదవగలుగుతావు.

నీ విషయంలో నదులు, నీటిపారుదలతోనే మొదలుపెట్టమంటాను, ఆనకట్ట దగ్గర ఇప్పటికే సగం పని అయింది కాబట్టి. నీ సాంఘిక శాస్త్రం పుస్తకంలో నదులు, నీటి వనరుల పాఠాలు ముందు చదువు. పరీక్షకు చదివినట్టు కాదు, నీరు ఎక్కడి నుంచి ఎక్కడికి ఎలా వెళుతోందో బొమ్మ గీసుకుంటూ చదువు. తరువాత బడిలో పాత దినపత్రికలు ఉంటే జూలై, ఆగస్టు నెలల నాటివి తిరగెయ్యి. "ధవళేశ్వరం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక" వంటి వార్తలు కనిపిస్తాయి. మొదటి హెచ్చరిక బ్యారేజీ దగ్గర ప్రవాహం సుమారు 10 లక్షల క్యూసెక్కులకు చేరినప్పుడు, రెండోది 13 లక్షలకు, మూడోది 17 లక్షలకు ఇస్తారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, సుమారు 28 లీటర్లు. ఈ నాలుగు ముక్కలు తెలిసినవారికి "12 లక్షల క్యూసెక్కులను సముద్రంలోకి వదులుతున్నారు, లంక గ్రామాలను అప్రమత్తం చేశారు" అన్న వార్త ఒక్కసారిగా తెరుచుకుంటుంది. మొదటి హెచ్చరిక దాటింది, రెండోదానికి దగ్గరగా ఉంది, నది పాయల మధ్య ఉన్న ఊళ్ళకు ముందు ప్రమాదం అని పత్రిక రాయని మాటలు కూడా చదివేస్తారు. నీటిని అంత పెద్దయెత్తున సముద్రంలోకి ఎందుకు వదిలేస్తున్నారు, దాచుకోవచ్చు కదా అన్న ప్రశ్న నీకు వస్తే, ఆనకట్టకూ జలాశయానికీ తేడా మళ్ళీ గుర్తు చేసుకో.

రెండు వారాల తరువాత నదుల మీద వచ్చిన కొత్త గద్యం ఒకటి, నీకు ఏమీ తెలియని విషయం మీద ఒకటి తీసుకుని ఒకే రోజు చెయ్యి. మొదటిదానిలో "ఎందుకు" ప్రశ్నలు సరిపోయి, రెండోదానిలో పోతే నేను చెప్పింది నీకు వర్తిస్తుందని అర్థం. రెండింటిలోనూ పోతే నేను పొరబడినట్టే. అప్పుడు నీ చిక్కు విషయం తెలియకపోవడం కాదు, వాక్యాలను కలపడంలోనే ఇంకా ఉంది. అలా తేలితే పుస్తకం మూసి రాసే పద్ధతికి మళ్ళీ వెళ్ళి, ఈసారి ఏం చెప్పారో రాయడంతో ఆపకుండా ప్రతి వాక్యానికీ "ఇది ముందు వాక్యానికి కారణమా, ఫలితమా, దానికి ఎదురా" అని పక్కన ఒక మాట రాసుకోవాలి.

డైరీ ఆపవద్దు, రాసే తీరు మార్చు. ఎన్ని సరిపోయాయన్నది ఒక మూల రాసుకుంటే చాలు. తప్పు పోయిన ప్రతి జవాబుకూ అది ఎందుకు పోయిందో రాయి. నీ స్థాయిలో కారణాలు ఎక్కువగా మూడే ఉంటాయి. "అది", "వారు", "దానితో" వంటివి ఎవరిని చెబుతున్నాయో తప్పుగా అనుకోవడం ఒకటి. "అయినా", "మాత్రం", "కూడా", "తప్ప" వంటి చిన్న మాట మీద నుంచి దాటిపోవడం రెండోది. నీ గద్యం చివరి వాక్యంలో "తగ్గినా" అన్న అప్యర్థకం, "మాత్రం" అన్న మాట, "పూర్తిగా" అన్న మాట మూడూ ఉన్నాయి. "వరద భయం పూర్తిగా పోలేదు" అంటే కొంత పోయిందా, అసలు పోలేదా అని ఎవరైనా అడిగితే జవాబు ఆ "పూర్తిగా"లోనే ఉంది. మూడోది, చెబుతున్న వస్తువే తెలియకపోవడం. ఆనకట్ట జవాబు మూడో రకం. నెలలో వచ్చిన పాత తప్పులన్నీ తీసి ఇలా గుర్తు పెట్టి చూడు. మొదటి రెండు వారాల్లో మొదటి రకం ఎక్కువగా, చివరి వారాల్లో మూడో రకం ఎక్కువగా ఉంటే, మీ అక్కకు చూపించడానికి అంతకంటే మంచి రుజువు ఉండదు. అదే మార్కు వచ్చినా తప్పు రకం మారిందంటే చదవడం మారినట్టే.

ఎంత చదువుకున్నా పరీక్షలో తెలియని విషయం మీద గద్యం రావచ్చు. అప్పుడు ఏమి చేయాలన్నది కూడా ఆనకట్ట గద్యంతోనే చెబుతాను. నీకు ఆనకట్ట సంగతి తెలియదనుకుందాం. "ఎందుకు" అన్న ప్రశ్న వచ్చింది. ముందు గద్యం ఆనకట్ట వల్ల ఏమి జరిగిందని చెప్పిందో చూడు. కాలువలకు నీరు ఎక్కిందని ఒక్కటే చెప్పింది. వరద నీరు ఆగిందని ఎక్కడా చెప్పలేదు. తరువాత, కట్టడానికి ముందు అసలు ఇబ్బంది ఏమిటో చూడు. మట్టం తక్కువగా ఉండి నీరు పొలాలకు ఎక్కకపోవడం. ఆనకట్ట తీర్చింది ఆ ఇబ్బందినే. కాబట్టి "ఆనకట్ట పొలాలకు నీరు అందేలా చేసింది. వరద నీటిని ఆపినట్టు గద్యంలో లేదు. అందువల్ల కరువు భయం తగ్గినా వరద భయం ఉండిపోయింది" అని రాయవచ్చు. ఇందులో ఆనకట్ట గోడ ఎత్తు, నీరు పొర్లడం వంటి మాట ఒక్కటీ లేదు. అయినా ప్రతి ముక్కకూ గద్యంలో ఆధారం ఉంది, దిద్దేవారికి తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. జవాబు రాశాక ఒక్కో మాట మీద వేలు పెట్టి, ఇది గద్యంలో ఏ వాక్యం నుంచి వచ్చిందని అడుగు. "బలంగా" అన్న మాట మీద వేలు పెట్టినప్పుడు చూపించడానికి నీకు ఏ వాక్యమూ దొరికి ఉండేది కాదు. నువ్వు పరీక్ష అయ్యాక వేసుకున్న ప్రశ్నను కాగితం ఇచ్చేలోపే వేసుకోవాలి.